సొసైటీ లెడ్జరు నుంచి కంప్యూటరుకు: కుదిరిన మొత్తాన్ని ఎంతవరకు నమ్మాలి?

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ప్రాంతాల్లో మామిడి తోట ఉన్న రైతుకు సొసైటీ తెలియకుండా ఉండదు. కాగితాల మీద దాని పేరు ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘం, ఊళ్లో మాత్రం అందరూ సొసైటీ అనే అంటారు. పంట రుణం, బంగారం మీద అప్పు, ఎరువుల కొనుగోలు, వాటాధనం, చిన్నపాటి డిపాజిట్లు, అన్నీ అక్కడి లెడ్జర్లలోనే నడిచాయి. ఆ లెడ్జర్లను ఇప్పుడు కంప్యూటరులోకి మారుస్తున్నారు. 2022 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం 2,516 కోట్ల రూపాయలతో దేశంలోని 63,000 సంఘాలను ఒకే ఉమ్మడి సాఫ్ట్‌వేర్ కిందికి తెచ్చే పథకాన్ని ఆమోదించింది. పాత లెక్కలను కొత్త వ్యవస్థలోకి ఎక్కించే ఖర్చు కూడా ఆ పథకంలో ఒక భాగమే. మన రాష్ట్రంలో రెండు వేలకు పైగా సంఘాలు దాని పరిధిలోకి వచ్చాయి. యంత్రాలు, సాఫ్ట్‌వేరు, శిక్షణ గురించి అందరూ మాట్లాడుతూనే ఉన్నారు. ఈ ప్రసంగం వాటి గురించి కాదు. లెడ్జరులో ఉన్న బాకీ కంప్యూటరులో అదే సభ్యుడి పేరున, అదే మొత్తంగా, అదే గడువుతో దిగిందని ఎలా తేల్చుకోవాలి? పాత మొత్తం, కొత్త మొత్తం సరిపోయాయన్న ఒక్క ఆధారంతో సంతకం పెట్టేయడం చాలదని నా వాదన. మొత్తాలు కుదరడంతో పరీక్ష మొదలవుతుంది. అది ఎక్కడ ముగియాలో వివరంగా చూద్దాం.

ముందు లెక్క నడిచే దారి చూడాలి. లెడ్జరులోని వివరాలు నేరుగా కొత్త సాఫ్ట్‌వేరులోకి వెళ్లవు. ఎవరో ఒకరు లెడ్జరు పేజీ చూస్తూ, నిర్ణీత గడులున్న ఒక పట్టికలో సభ్యత్వ నంబరు, పేరు, తండ్రి పేరు, రుణం తేదీ, అసలు, వడ్డీ, గడువు తేదీ టైపు చేస్తారు. ఆ పట్టికను సాఫ్ట్‌వేరు మింగుతుంది. అంటే అంగలు రెండు: లెడ్జరు నుంచి పట్టికకు, పట్టిక నుంచి సాఫ్ట్‌వేరుకు. చాలాచోట్ల సరిచూసేది రెండో అంగనే, ఎందుకంటే అది తేలిక. పట్టిక అడుగున ఉన్న మొత్తాన్ని, సాఫ్ట్‌వేరు చూపించే మొత్తాన్ని పక్కపక్కన పెడితే నిమిషంలో తేలిపోతుంది. కానీ మనిషి కన్ను, మనిషి చెయ్యి పనిచేసింది మొదటి అంగలో. 45,000 చూసి 54,000 అని కొట్టి ఉంటే, సాఫ్ట్‌వేరు ఆ 54,000ను ఎంతో నమ్మకంగా మోసుకుపోతుంది. పట్టిక, సాఫ్ట్‌వేరు అక్షరం పొల్లుపోకుండా సరిపోతాయి, రైతు నెత్తిన మాత్రం తొమ్మిది వేలు అదనంగా పడతాయి. అందుకని పాత పక్షపు మొత్తం ఎప్పుడూ పాత పుస్తకం నుంచే రావాలి. పట్టిక తయారుచేసిన మనిషి కాకుండా మరొకరు లెడ్జరు ముందు పెట్టుకుని విడిగా కూడిన మొత్తమై ఉండాలి. ఒకే మూలం నుంచి పుట్టిన రెండు అంకెలు సరిపోలితే దానివల్ల రుజువయ్యేది ఏమీ లేదు.

ఇక లెక్క విషయానికి వద్దాం. ఊహకు ఒక సంఘాన్ని తీసుకుందాం. దాని రుణ లెడ్జర్లలో 1,460 పేజీలున్నాయి. కొత్త వ్యవస్థలో 1,200 రుణ ఖాతాలు కనిపిస్తున్నాయి. 260 తేడా చూడగానే గుండె జారనక్కరలేదు. పేజీకీ ఖాతాకీ తేడా ఉంది. 190 పేజీల్లోని బాకీలు తీరిపోయి ఖాతాలు మూసేశారు. మరో 70 పేజీలు, చోటు చాలక ముందు పేజీ నుంచి తెచ్చి రాసిన కొనసాగింపు పేజీలు. 190, 70 కలిపితే 260, లెక్క కుదిరింది. అయితే ఈ వివరణ నోటిమాటగా ఉంటే పనికిరాదు. మూసిన 190 ఖాతాల జాబితా, కొనసాగింపు పేజీలు 70 దేనికి కొనసాగింపో చెప్పే జాబితా, రెండూ కాగితం మీద ఉండాలి. తేడాకు పేరుపేరునా లెక్క చెప్పగలిగినప్పుడే అది వివరించిన తేడా అవుతుంది. మిగతాదంతా సర్దుబాటే. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది. 1,200కు 1,200 వచ్చినా ఖాతాలన్నీ దిగాయని అర్థం కాదు. ముగ్గురి ఖాతాలు టైపు చేయకుండా జారిపోయి, ముగ్గురి కొనసాగింపు పేజీలు రెండో ఖాతాగా నమోదైతే సంఖ్య చక్కగా 1,200 అనే చూపిస్తుంది. సంఖ్యలు కుదిరాక జాబితాలను కూడా ఎదురెదురుగా పెట్టాలి. పాతదాంట్లో ఉండి కొత్తదాంట్లో లేని సభ్యత్వ నంబర్లు ఏవి, కొత్తదాంట్లో ఉండి పాతదాంట్లో లేనివి ఏవి, రెండుసార్లు వచ్చినవి ఏవి? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు ఖాళీ జాబితాగా వచ్చినప్పుడే సంఖ్య కుదిరిందనాలి.

సంఖ్య తర్వాత సొమ్ము. అసలు మొత్తం, వడ్డీ మొత్తం, వాటాధనం మొత్తం వేర్వేరుగా కూడాలి. ఒకటే పెద్ద మొత్తం కాకుండా ఊరివారీగా, రుణం రకంవారీగా కూడితే తేడా ఎక్కడుందో కూడా తెలుస్తుంది. ఇక్కడ నూజివీడు ప్రాంతానికి ఒక ప్రత్యేక చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. పొరుగున ఉన్న విస్సన్నపేట, రెడ్డిగూడెం ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి. సహకార బ్యాంకు పరిధి మాత్రం పాత జిల్లానే అంటిపెట్టుకుని ఉంది. ఒక జాబితాలో సభ్యుడి చిరునామా కృష్ణా అనీ, మరొకదాంట్లో ఏలూరు అనీ ఉంటే, జిల్లావారీ మొత్తాలు తలకిందులవుతాయి, ఒక్క పైసా తప్పు లేకపోయినా. అలాంటిచోట తేడాను చూసి అంకెలు సవరించడానికి పరుగెత్తకూడదు. రెండు పక్కలా జిల్లాను వదిలేసి, మారని ఊరి పేరుతోనో సంఘం కోడుతోనో మళ్లీ కూడాలి.

మొత్తాలకు ఒక గుడ్డితనం ఉంది. దాన్ని దగ్గరగా చూద్దాం. సభ్యత్వ నంబరు 212 గలాయన బాకీ 40,000. నంబరు 221 గలాయన బాకీ 65,000. ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు, ఒకే పేరు. మన ఊళ్లలో తాత పేరు మనవళ్లిద్దరికీ పెట్టడం మామూలే కదా. టైపు చేసినప్పుడు ఒకరి బాకీ మరొకరికి పడింది. ఇప్పుడు ఖాతాల సంఖ్య మారలేదు, బాకీల మొత్తం 1,05,000 మారలేదు, ఊరి మొత్తమూ మారలేదు. ఎన్నిసార్లు కూడినా ఈ తప్పు బయటపడదు. దీన్ని పట్టడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. ప్రతి సభ్యుడి బాకీని అతని సభ్యత్వ నంబరుతో గుణించి, ఆ లబ్ధాలను కూడాలి. ఆ మొత్తానికి సొంతంగా అర్థమేమీ లేదు. అయినా నంబరునూ బాకీనీ కలిపి ముడివేసేది అదే. పై ఇద్దరి బాకీలు తారుమారైతే ఆ మొత్తం సరిగ్గా 2,25,000 తగ్గుతుంది. నంబర్ల తేడా 9, బాకీల తేడా 25,000, వాటి లబ్ధం అది. తేడా కనిపించిందంటే ఎక్కడో ముడి ఊడిందని తెలుస్తుంది. చేత్తో 1,200 గుణకారాలు చేయడం కష్టం. పాత సంఖ్యలను మరొకరు విడిగా టైపు చేసి ఉంచితే క్షణాల పని. ఆ రెండో టైపింగు దండగని కొందరంటారు. 1,200 వరసల్లో రెండే అంకెలు, నంబరూ బాకీ. ఒక మనిషికి ఒకటి రెండు రోజుల పని. ఆ పని చేస్తే ప్రతి వరసనూ దాని ఎదురు వరసతో పోల్చవచ్చు, అప్పుడు ఈ గుణకారం ఉపాయం కూడా అక్కరలేదు. సొమ్ము విషయంలో నమూనా పరీక్షతో సరిపెట్టకుండా పూర్తి పోలిక చేయాలంటాను.

మరి నమూనా ఎందుకు? సొమ్ము ఒక్కటే ఖాతా కాదు కాబట్టి. ఖాతాలో గడువు తేదీ ఉంది, వడ్డీ రేటు ఉంది, సర్వే నంబరు ఉంది, భూమి విస్తీర్ణం ఉంది. ఇవి ఏ మొత్తంలోనూ కనిపించవు. గడువు తేదీనే తీసుకోండి. లెడ్జరులో 03/06/2025 అని ఉంది. మన అలవాటు ప్రకారం అది జూన్ 3. నెలను ముందు చదివే అమరికలో ఉన్న కంప్యూటరు దాన్ని మార్చి 6గా తీసుకుంటుంది. కోత మొదలై కాయ అమ్ముడయ్యాక, మే 20న రైతు లక్ష రూపాయల బాకీ కట్టాడనుకోండి. నిజానికి గడువుకు ముందే కట్టాడు. కొత్త వ్యవస్థ లెక్కలో అతను మార్చి నుంచి బకాయిదారు. మూడు లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా కట్టినవారికి కేంద్రం మరో 3 శాతం తగ్గిస్తుంది, అంటే రైతు మీద పడేది 4 శాతం. ఆ 3 శాతం పోతే లక్షకు ఏడాదికి 3,000 రూపాయలు. ఖాతాల సంఖ్య, అసలు మొత్తం అన్నీ సరిగ్గా ఉండగానే రైతుకు ఆ నష్టం జరుగుతుంది. ఈ తప్పు అందరికీ ఒకేలా రాదు కూడా. తేదీ 25/06 అయితే ఇరవై అయిదో నెల లేదు కాబట్టి యంత్రం తిరస్కరిస్తుంది, తప్పు పైకి కనిపిస్తుంది. 05/05 అయితే ఎటు తిప్పినా ఒకటే. పన్నెండో తేదీ లోపు ఉన్నవే చడీచప్పుడు లేకుండా మారిపోతాయి. దీన్ని కనిపెట్టడానికి గడువులను నెలవారీగా లెక్కపెట్టాలి. పాత పుస్తకంలో గడువులన్నీ రెండు మూడు నెలల్లో గుమిగూడి ఉండి, కొత్త వ్యవస్థలో జనవరి నుంచి డిసెంబరు దాకా పలచగా పరుచుకుని కనిపిస్తే, రోజూ నెలా తారుమారయ్యాయన్నమాటే. విస్తీర్ణానికీ ఇలాంటి తంటానే ఉంది. 2 ఎకరాల 5 సెంట్లను ఒకరు 2.05 అనీ మరొకరు 2.5 అనీ రాస్తారు. రెండోది యంత్రానికి రెండున్నర ఎకరాలు. రుణ పరిమితి విస్తీర్ణాన్ని బట్టి లెక్కగడతారు కాబట్టి, లేని 45 సెంట్లకు కూడా అప్పు అర్హత పుడుతుంది.

ఇలాంటి గడులన్నింటినీ ప్రతి ఖాతాకూ కంటితో సరిచూడటం ఇద్దరు ముగ్గురు సిబ్బంది ఉన్న సంఘానికి సాధ్యం కాదు. అందుకే నమూనా. నమూనా ఎంత ఉండాలి, ఎలా తీయాలి అన్నచోటే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. అయిదు శాతం చూశాం, అన్నీ బాగున్నాయి అనే మాట తరచు వింటాం. మన 1,200 ఖాతాల్లో అయిదు శాతమంటే 60. నిజంగా 12 ఖాతాల్లో, అంటే నూటికి ఒకదాంట్లో తప్పుందనుకుందాం. యాదృచ్ఛికంగా తీసిన ఆ 60లో ఒక్కటంటే ఒక్క తప్పు కూడా తగలకపోయే అవకాశం సగానికి పైగానే ఉంది. బొమ్మా బొరుసూ వేసి తేల్చుకున్నట్టే. 300 ఖాతాలు తీస్తే ఆ అవకాశం నూటికి మూడుకు పడిపోతుంది. నమూనా మొత్తంలో ఎంత శాతమని అడగడం కన్నా, ఏ స్థాయి తప్పును పట్టుకోవాలనుకుంటున్నామని అడగడం సరైనది. నూటికి ఒకటి తప్పుంటే పట్టాలంటే 300 కావాలి. నూటికి అయిదుంటే పట్టడానికి 60 చాలు.

తీసే పద్ధతి కూడా అంతే ముఖ్యం. మామిడి మార్కెట్లో తెలిసిన కొనుగోలుదారు ట్రే పైవరస కాయ చూసి ధర చెప్పడు, చెయ్యి అడుగుదాకా పెడతాడు. ఖాతాల విషయంలో లెడ్జరు మొదటి యాభై పేజీలు చూడటం పైవరస చూడటమే. మొదటి పేజీలు టైపు చేసేటప్పుడు మనిషి తాజాగా ఉంటాడు. తప్పులు దొర్లేది సాయంత్రం టైపు చేసిన పేజీల్లో, చెదలు తిన్న పేజీల్లో, కొట్టివేతలున్న పేజీల్లో. అందుకని నమూనా రెండు భాగాలుగా ఉండాలి. ఒక భాగం, చిట్టీలు తీసినట్టుగానో యంత్రం ఎంచిన అంకెల ప్రకారమో, ఎవరి ఇష్టానికీ వదలకుండా తీసినది. రెండోది, తప్పుకు ఆస్కారం ఎక్కువని ముందే తెలిసినవి: ఒకే పేరున్న సభ్యులు, చనిపోయాక వారసుల పేరున మారిన ఖాతాలు, గడువు మార్చి తిరిగి రాసిన రుణాలు, అత్యధిక బాకీలు, సున్నా బాకీతో తెరిచి ఉంచినవి. మొదటి భాగాన్ని బట్టి మొత్తం సంఘంలో తప్పుల శాతం అంచనా వేయవచ్చు. రెండో భాగాన్ని బట్టి అంచనా వేయకూడదు, అది వేటకు మాత్రమే. ఆ రెండింటినీ కలిపి ఒకే శాతం చెప్పేవారి నివేదికను నమ్మలేం. దిశ కూడా చూడాలి. సగం నమూనా లెడ్జరులో ఎంచి కంప్యూటరులో వెతకాలి, జారిపోయినవి అప్పుడు తెలుస్తాయి. మిగతా సగం కంప్యూటరులో ఎంచి లెడ్జరులో వెతకాలి, లేని బాకీ ఎలా పుట్టిందో అప్పుడు తెలుస్తుంది. ఒకే దిశలో వెయ్యి చూసినా రెండో రకం తప్పు చిక్కదు.

ఒక తప్పు దొరికిందనుకుందాం. ఆ ఒక్క ఖాతా దిద్ది, మిగతావి బాగున్నాయని రాసేయడం మామూలుగా జరిగే పని. నమూనా ఉద్దేశాన్నే అది చంపేస్తుంది. 300లో ఒక తేదీ తారుమారై దొరికితే, ప్రశ్న ఆ ఖాతా గురించి కాదు, కారణం గురించి. ఏ కంప్యూటరులో, ఏ అమరికతో, ఎవరి చేతిమీదుగా ఆ పట్టిక తయారైంది? అదే పద్ధతిలో వచ్చిన ఖాతాలన్నీ తీసి చూడాలి, కారణం సరిచేసి ఆ భాగం మొత్తం మళ్లీ ఎక్కించాలి, ఆపైన కొత్త నమూనా తీయాలి. పాత నమూనానే మళ్లీ చూస్తే లాభం లేదు, అవి ఇప్పటికే దిద్దినవి కదా.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. పాత పుస్తకాలే సరిగా లేనప్పుడు కొత్త వ్యవస్థను వాటితో ఎలా సరిచూస్తారు? సభ్యులు సంఘానికి ఉన్న బాకీకీ, సంఘం జిల్లా బ్యాంకుకు ఉన్న బాకీకీ మధ్య ఏళ్ల తరబడి తేడాలు పేరుకుపోయిన సంఘాలు ఉన్నాయి. సహకార రంగంలో దీన్ని ఇంబ్యాలెన్స్ అంటారు. అలాగే జనరల్ లెడ్జరులోని రుణాల మొత్తం, సభ్యులవారీ బాకీల జాబితా మొత్తం కుదరకపోవడమూ ఉంది. ఇలాంటప్పుడు ఈ మార్పిడి పనిలోనే ఆ తేడాలు కూడా సర్దేద్దాం అని అనిపించడం సహజం. వద్దంటాను. మార్చడం, దిద్దడం ఒకేసారి చేస్తే, తర్వాత కనిపించిన తేడా పాతదో, కొత్తగా పుట్టిందో ఎవరూ చెప్పలేరు. ఆడిట్ అయిన ఒక తేదీని, సాధారణంగా మార్చి 31ని, గీతగా గీసుకోవాలి. ఆ రోజున ఉన్నది ఉన్నట్టుగా, తేడాతో సహా దించాలి. తేడాను సస్పెన్సు ఖాతాలో దాని పేరుతోనే కనిపించేలా ఉంచాలి. దిద్దుబాటు ఆ తర్వాత, ఒక్కొక్కదానికి వోచరుతో, సంఘం ఆమోదంతో జరగాలి. సస్పెన్సులో ఉన్న మొత్తం చూడటానికి బాగుండదు, నిజమే. ఎవరో ఒక సభ్యుడి బాకీకి దాన్ని కలిపి మాయం చేయడం కన్నా అది వెయ్యి రెట్లు నయం.

రెండో అభ్యంతరం, ఇంత పరీక్ష చేసినా కొత్త వ్యవస్థ సరిగా నడుస్తుందని హామీ ఏమిటని. హామీ లేదు. 2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు యాభై లక్షలకు పైగా ఖాతాదారుల వివరాలను కొత్త వ్యవస్థలోకి మార్చింది. వివరాలు సవ్యంగానే దిగాయి, వ్యవస్థ మాత్రం మొదటి రోజే కుప్పకూలింది. లక్షలాది మంది తమ ఖాతాల్లోకి వెళ్లలేకపోయారు. 2022 డిసెంబరులో అక్కడి నియంత్రణ సంస్థలు ఆ బ్యాంకుకు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. లెక్కల సరిపోలిక లెక్కలకే పూచీ పడుతుంది. వడ్డీ సరిగా కట్టిందా, రోజు ముగింపు సరిగా పడిందా, రసీదు వచ్చిందా అనేవి వేరుగా, కొన్ని వారాలు పాత పుస్తకమూ కొత్త వ్యవస్థా పక్కపక్కన నడిపి చూడాల్సినవి. ఒకదాని ఫలితాన్ని మరొకదానికి సాక్ష్యంగా చూపకూడదు.

చివరగా, ఈ పరీక్షలో సంఘం సిబ్బంది కన్నా, ఆడిటరు కన్నా మంచి సాక్షి ఒకరున్నారు. తన బాకీ ఎంతో, గడువు ఎప్పుడో, తోట ఎన్ని సెంట్లో ఆ సభ్యుడికి తెలిసినంతగా ఏ లెడ్జరుకూ తెలియదు. కార్యదర్శులు, సీఈఓలు ప్రతి సభ్యుడికీ కొత్త వ్యవస్థలో ఉన్న వివరాలతో ఒక చీటీ ఇచ్చి సంతకం తీసుకోవాలని కోరుతున్నాను. సభ్యులకు కూడా ఒక మాట. ఆ చీటీ చేతికొచ్చినప్పుడు చివరి అంకె చూసి సంతకం పెట్టేయకండి. పాస్‌బుక్కు, 1-బి దగ్గర పెట్టుకుని సభ్యత్వ నంబరు, తండ్రి పేరు, అసలు, గడువు తేదీ, సర్వే నంబరు, విస్తీర్ణం ఒక్కొక్కటిగా చూడండి. ఏది తేడాగా ఉన్నా చీటీ మీదే రాసి, తేదీ వేసి, నకలు తీసుకుని ఇవ్వండి. పాత లెడ్జర్లను అటకెక్కించకముందే ఆ పని జరగాలి.